పావుగంట గీతలు, మూడుంబావు లోపే ముగింపు

ఉదయం 9:15కి ఎన్‌ఎస్‌ఈలో ట్రేడింగ్ మొదలవుతుంది. రాత్రంతా పోగైన వార్తల ప్రభావం మొదటి పావుగంటలోనే ధరను అటూ ఇటూ లాగుతుంది. ఆ పావుగంటలో షేరు తాకిన గరిష్ఠ ధర ఒక గీత, కనిష్ఠ ధర ఇంకో గీత. మధ్యలో ఉన్నదే ఓపెనింగ్ రేంజ్. ధర పైగీత దాటితే కొనడం, కిందిగీత దాటితే ముందు అమ్మి తర్వాత కొనడం బ్రేకౌట్ పద్ధతి. అమెరికన్ ట్రేడర్ టోబీ క్రేబెల్ 1990లో దీని గురించి పుస్తకమే రాశారు.

ఒక లెక్క చూద్దాం. నిన్న 500 దగ్గర ముగిసిన షేరు ఇవాళ 502 దగ్గర తెరుచుకుంది. 9:30కల్లా గరిష్ఠం 506, కనిష్ఠం 501. ఆ తర్వాత ఒక ఐదు నిమిషాల క్యాండిల్ 506 పైన ముగిసింది, మనకు 506.50కి దొరికింది. స్టాప్‌లాస్ 501. అంటే షేరుకు 5.50 పోవచ్చు. రోజుకు 500 రూపాయలకు మించి పోగొట్టుకోకూడదనుకుంటే 90 షేర్లే కొనాలి. సాయంత్రం 3:10కి ధర 510.20 ఉంటే అప్పుడే అమ్మేయాలి. వచ్చేది 333 రూపాయలు, అందులోంచి బ్రోకరేజీ, పన్నులు పోతాయి.

ఈ 3:10 నియమాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నా దృష్టిలో పద్ధతికి వెన్నెముక ఇదే. నష్టంలో ఉన్న ట్రేడును ‘రేపు చూద్దాం’ అని డెలివరీకి మార్చుకున్నామంటే, 500 రూపాయల హద్దు ఆ క్షణమే చెరిగిపోతుంది. మర్నాడు ధర ఎక్కడ తెరుచుకుంటుందో మన చేతిలో ఉండదు. మనం అమ్మకపోతే బ్రోకరే తన వేళకు అమ్మేసి, అదనపు రుసుము వేయవచ్చు.

గ్యాప్ రోజుల్లో ఇదే పద్ధతి చిక్కుల్లో పడుతుంది. అదే షేరు మంచి ఫలితాలతో నేరుగా 512 దగ్గర తెరుచుకుందనుకోండి. గ్యాప్ 2.4 శాతం. ఇలాంటి రోజు పావుగంట చాలదు, అరగంట ఆగాలి. ఆ అరగంటలో రేంజ్ 505 నుంచి 514 వరకు సాగింది. 514.50కి కొంటే స్టాప్‌లాస్ 9.50 దూరం, పైగా షేరు అప్పటికే చాలా పరుగెత్తింది. 505 కిందికి జారాక 504.50కి అమ్మితే, గ్యాప్ పూడే 500 దాకా వచ్చేది 4.50, స్టాప్‌లాస్ 514 అయితే పోయేది 9.50. రెండువైపులా బేరం గిట్టదు. అందుకే రేంజ్ వెడల్పు ధరలో 1.5 శాతం దాటితే ఆ రోజు ట్రేడ్ వద్దన్నది నా నియమం.

ఈ 1.5 శాతం అన్ని షేర్లకూ సరిపోదు. మీ షేరు పాత ఐదు నిమిషాల ధరలు తీసి పరీక్షించుకోవాలి. అప్పుడు కొన్న ధరగా 506 అని రాసుకోకండి, తర్వాతి క్యాండిల్ తెరుచుకున్న ధర రాయండి. ఖర్చులూ కలపండి. కాగితం మీద లాభంగా కనిపించిన పద్ధతి నష్టంగా తేలేది చాలాసార్లు ఇక్కడే. 2022-23లో నగదు విభాగంలో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో పదింట ఏడుగురు నష్టపోయారని సెబీ అధ్యయనం చెప్పింది.