చిల్లర లేని ఖాతా: ఒక్క బిట్‌తో బరువు తూచడం

సెకండియర్ మినీ ప్రాజెక్ట్‌కి మా టీమ్ 5 కిలోల తూకం మెషీన్ తీసుకుంది. నేను సీఎస్ఈ, కోడ్ మాత్రమే నా పని అనుకున్నాను. లోడ్ సెల్‌ని నేరుగా ఆర్డుయినోకి కలిపితే ఏం పెట్టినా రీడింగ్ కదల్లేదు. లెక్క వేస్తే కారణం తెలిసింది. 5 కిలోలు పెడితే మా సెల్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులు. ఆర్డుయినో ఏడీసీలో ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. మొత్తం బరువుకి ఒకే ఒక్క మెట్టు! సిగ్నల్‌ని 128 రెట్లు పెంచినా ఒక్కో మెట్టుకి 38 గ్రాములు పడుతుంది.

చివరికి HX711 బోర్డు కొన్నాం. వంద రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది, 24 బిట్లు అని రాసి ఉంది. నాకు నమ్మకం కుదరలేదు. మామూలు ఏడీసీ వోల్టేజీని మెట్లుగా కోసి పోలుస్తుంది. 16 బిట్లు కావాలన్నా అందులోని భాగాలు 65,536లో ఒక వంతు తేడా కూడా లేకుండా సరిపోవాలి. ల్యాబ్‌లో మనం వాడే రెసిస్టర్లకే ఒక శాతం తేడా ఉంటుంది.

“ఈ రేటుకి అంత కచ్చితమైన భాగాలు ఎలా పెడతారక్కా?” అని ఈసీఈ సీనియర్‌ని అడిగాను. “అసలు పెట్టరు రా. లోపల ఉన్నది ఒక్క బిట్టే. నీ క్యాంటీన్ ఖాతా చూసుకో” అంది.

ఆ మాట పట్టుకుని ఆలోచించాను. టీ 7 రూపాయలు అనుకోండి. నా దగ్గర పది నోట్లు మాత్రమే ఉన్నాయి, అన్నయ్య దగ్గర చిల్లర లేదు. రోజూ బాకీ ఖాతాలో కలుస్తుంది. బాకీ పదికి చేరితే ఒక నోటు ఇస్తాను, లేకపోతే ఇవ్వను.

```
s = 0
for day in range(10):
    s += 7
    y = 1 if s >= 10 else 0
    s -= 10 * y
    print(y, end="")
```

వచ్చేది `0110110111`. పది రోజుల్లో ఏడు నోట్లు. ఖాతా చూడకుండా నోట్లు లెక్కపెట్టినవాడికి కూడా టీ 7 రూపాయలని తెలిసిపోతుంది. చిప్‌లో ఖాతా అంటే ఇంటిగ్రేటర్, “పదికి చేరిందా?” అని చూసేది కంపారేటర్, వెనక్కి తీసేసే నోటు ఒక బిట్ డీఏసీ. ఇదే సిగ్మా-డెల్టా.

ఇప్పుడు ఖాతా లేకుండా చూద్దాం. రోజూ పది చీటీల్లో ఒకటి తీస్తాను, ఏడింటిలో “ఇవ్వు” అని ఉంటుంది. సగటు 7కే చేరుతుంది, కానీ నిన్నటి తప్పు ఈ రోజుకి గుర్తుండదు. తప్పు సగం కావాలంటే నాలుగు రెట్లు రోజులు పట్టాలి. ఇది ఉత్త ఓవర్‌శాంప్లింగ్. ఖాతా ఉంటే మిగిలిన బాకీ ఎప్పుడూ ఒక నోటు దాటదు, కాబట్టి వంద రోజులకి తేడా 10 పైసల లోపే. నిన్న తక్కువ ఇస్తే తర్వాత ఎక్కువ ఇస్తాం, అందుకే తప్పులు త్వరత్వరగా అటూ ఇటూ ఊగుతాయి. అంటే నాయిస్ పై ఫ్రీక్వెన్సీలకి నెట్టబడుతుంది. బరువు మాత్రం నెమ్మదిగా మారుతుంది కాబట్టి డిజిటల్ ఫిల్టర్ ఆ ఊగుడుని కోసేస్తుంది. దీన్నే నాయిస్ షేపింగ్ అంటారు. శాంప్లింగ్ రేటు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఉత్త ఓవర్‌శాంప్లింగ్‌తో అర బిట్ వస్తుంది, ఒక ఖాతాతో ఒకటిన్నర, వరసగా రెండు ఖాతాలు పెడితే రెండున్నర.

మరి కచ్చితమైన భాగాలు ఎందుకు అక్కర్లేదు? నేను పొరపాటున బాకీ 12 అయ్యాక నోటిచ్చినా ఖాతా మర్చిపోదు, సగటు మారదు. అందుకే కంపారేటర్ చౌకదైనా ఫర్వాలేదు. డీఏసీకి ఉన్నవి రెండే స్థాయిలు. రెండు బిందువుల మధ్య గీత ఎప్పుడూ సరళరేఖే, మెట్లు వంకరపోయే ప్రశ్నే లేదు. మిగిలేవి జీరో తేడా, స్కేల్ తేడా. వాటిని ఖాళీ పళ్లెంతో ఒకసారి, తెలిసిన బరువుతో ఒకసారి కోడ్‌లోనే సరిచేశాను. కానీ నోటు విలువే మారితే, అంటే రిఫరెన్స్ వోల్టేజీ ఊగితే, ఏ ఖాతా కాపాడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. టీ 10 పైసలైతే వంద రోజులకి ఒక్క నోటు. పది రోజుల సగటు తీసేవాడికి తొమ్మిది సార్లు సున్నా, ఒకసారి ఒకటి కనిపిస్తుంది. అంత నెమ్మదైన నమూనా ఫిల్టర్‌ని దాటుకుని వచ్చేస్తుంది. దీన్ని ఐడిల్ టోన్ అంటారు. కదలని బరువు మీద రీడింగ్ ఒకే లయలో ఎక్కి దిగుతుంటే దీన్ని అనుమానించాలి. రెండో ఖాతా పెట్టినా, ఇన్‌పుట్‌కి కాస్త యాదృచ్ఛిక నాయిస్ కలిపినా తగ్గుతుంది.

24 బిట్లూ నిజమా అంటే, కాదు. డేటాషీట్ ప్రకారం సెకనుకి 10 రీడింగుల దగ్గర నాయిస్ 50 నానోవోల్టులు. మా సెల్‌కి అది 0.05 గ్రాములు, అంటే చివరి నాలుగైదు బిట్లు ఊగుతూనే ఉంటాయి. పైగా బరువు మార్చాక రీడింగ్ కుదురుకోవడానికి 400 మిల్లీసెకన్లు పడుతుంది. ఇది తెలియక బరువు పెట్టిన వెంటనే వచ్చిన మొదటి రీడింగ్‌నే తీసుకుని, సెల్ పాడైందని ఒక సాయంత్రం మొత్తం వైర్లు మార్చుతూ కూర్చున్నాను. మొదటి నాలుగు రీడింగులు వదిలేశాక తూకం కుదిరింది.