తొలి వాక్యానికి ముందు పది నిమిషాలు

పరిచయం లేని సంస్థకు అమ్మకం కోసం రాసే ఈమెయిల్‌లో తొలి వాక్యం రెండు చోట్ల కనబడుతుంది. తెరిచాక ఎలాగూ కనబడుతుంది. తెరవకముందే ఫోన్‌లో, విషయం పక్కనో కిందనో, దాని మొదటి కొన్ని మాటలు కనబడతాయి. అందుకే దానిని ఆ ఒక్క సంస్థకే చెందేలా రాయాలని అమ్మకాల వాళ్లు అంటారు. చిక్కు రాతలో తక్కువ, దానికి ముందు చేసే వెతుకులాటలో ఎక్కువ. ‘మీ వెబ్‌సైట్ చూశాను, చాలా బాగుంది’ అనే వాక్యం ఏ సంస్థకైనా సరిపోతుంది కాబట్టి, చదివేవారికి అది వెబ్‌సైట్ చూడని మనిషి రాసినట్టే అనిపిస్తుంది.

వెతకాల్సింది ఒకే ఒక్క సంగతి. అది ఆ సంస్థదై ఉండాలి, ఇటీవలిదై ఉండాలి, ఉత్తరం రాయడానికి కారణమైన సరుకుతో దానికి సంబంధం ఉండాలి. మూడోదే ఎక్కువగా జారిపోతుంది. సంస్థకు అవార్డు వచ్చిందని అభినందించి, మరుసటి వాక్యంలో అట్టపెట్టెల ధరలు చెబితే అభినందన కాస్తా ఎరగా తేలిపోతుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. గాజు సీసాల మూతి మీద అల్యూమినియం రేకును వేడితో అతికించే ఇండక్షన్ సీలింగ్ యంత్రాలు అమ్మే వ్యాపారి ఒకరు. ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే ఓ గుంటూరు సంస్థ ఆయనకు కొనుగోలుదారు కావచ్చు. పచ్చడిలో నూనె ఉంటుంది, ప్రయాణంలో సీసా పక్కకు ఒరిగితే మరమూత సందుల్లోంచి నూనె ఊరుతుంది. ఈ ఇబ్బంది ఆ సంస్థకు ఉందా, ఉంటే ఎక్కడ బయటపడుతోంది? వెతుకులాట ఈ ప్రశ్నతో మొదలవ్వాలి. ప్రశ్న లేకుండా వెబ్‌సైట్ తెరిస్తే పది నిమిషాలు ఫొటోలు చూడటంతోనే గడిచిపోతాయి.

హోమ్ పేజీ, ‘మా గురించి’ పేజీ అందరూ చూసేవే. వాటిలో ఉండేది సంస్థ తన గురించి తాను చెప్పుకోవాలనుకున్న మాట. అసలు పని ఎలా నడుస్తోందో చెప్పేవి ఎవరూ చదవని పేజీలు: షిప్పింగ్ నిబంధనలు, సరుకు వాపసు నిబంధనలు, తరచుగా అడిగే ప్రశ్నలు. వీటిలో వాక్యాలు అలంకారం కోసం పుట్టవు. ఎవరో ఒక కస్టమర్ గొడవపడ్డాక చాలాసార్లు అక్కడ ఒక కొత్త వాక్యం చేరుతుంది. మన ఉదాహరణలో షిప్పింగ్ పేజీ అడుగున ‘అమెరికా ఆర్డర్లకు పచ్చడి ప్యాకెట్లలోనే పంపుతాం, సీసాలు పంపలేం’ అని ఉందనుకుందాం. వ్యాపారికి కావలసిన కొస దొరికింది.

అది ఎప్పటి మాటో తేల్చుకోవాలి. పేజీ అడుగున కాపీరైట్ పక్కన ఉండే సంవత్సరాన్ని నమ్మకూడదు, చాలా వెబ్‌సైట్లలో అది దానంతట అదే మారిపోతుంది. web.archive.org లో ఆ పేజీ చిరునామా ఇస్తే, భద్రపరిచిన పాత ప్రతులు ఉన్నచోట తేదీలవారీగా కనబడతాయి. ఏడాది కిందటి ప్రతిలో అమెరికా మాటే లేకపోతే, విదేశీ ఆర్డర్లకు ఈ నియమం ఆ తర్వాతే చేరిందని తెలుస్తుంది. పాత ప్రతి దొరకని చిన్న సైట్లూ ఉంటాయి. అప్పుడు ‘ఈమధ్య మార్చారు’ అనే మాటను వదిలేయడమే మంచిది.

తర్వాత ఇటీవలి కదలికలు. గూగుల్‌లో సంస్థ పేరు కొటేషన్ గుర్తుల మధ్య రాసి, పక్కన after:2025-06-01 లాంటి తేదీ చేరిస్తే పాత ఫలితాలు చాలావరకు తగ్గుతాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పైనున్న పోస్టు కొత్తదే అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఖాతాదారు మూడు పోస్టుల దాకా పైన పిన్ చేసి ఉంచుకోవచ్చు కాబట్టి అవి రెండేళ్ల కిందటివైనా కావచ్చు. పోస్టు తెరిచి తేదీ చూడాలి. మెటా వారి యాడ్ లైబ్రరీలో ఆ సంస్థ ఇప్పుడు ఏ ప్రకటనలు నడుపుతోందో, ఏ తేదీ నుంచి నడుపుతోందో ఎవరైనా చూడవచ్చు. డబ్బు పెట్టి చెప్పే మాట కాబట్టి, సంస్థ ప్రస్తుతం దేనిమీద దృష్టి పెట్టిందో పోస్టులకన్నా ఇదే బాగా చూపుతుంది. మన పచ్చళ్ల సంస్థ మూడు వారాల కిందట సీసాలతో ఒక గిఫ్ట్ బాక్సు పోస్టు పెట్టింది. దాని కింద ‘అమెరికాకు సీసాల్లో పంపరా?’ అని కొందరు అడిగారు.

ఇక వాక్యం రాయవచ్చు: ‘నమస్కారం అండి, మీ గిఫ్ట్ బాక్సు పోస్టు కింద అమెరికాకు సీసాల్లో పంపరా అని కొందరు అడిగారు; మీ షిప్పింగ్ పేజీలో మాత్రం అక్కడికి ప్యాకెట్లే అని ఉంది.’ రెండో వాక్యం దీనికి అతుక్కునే వస్తుంది: ‘కారణం నూనె ఊరడమే అయితే, సీసా మూతికి రేకు సీలు వేసే చిన్న యంత్రం మా దగ్గర ఉంది.’ ఇందులో పొగడ్త లేదు. ‘అయితే’ అనే మాట కావాలనే పెట్టింది. సీసాలు పంపకపోవడానికి బరువో, పగిలిపోతాయన్న భయమో కారణం కావచ్చు. చూసింది చూసినట్టు చెప్పి, ఊహను ఊహగానే ఉంచాలి. ఉద్యోగ ప్రకటన చూసి ‘మీరు విస్తరిస్తున్నందుకు సంతోషం’ అని రాసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే ఆ ప్రకటన మానేసిన మనిషి స్థానంలో ఇచ్చింది కావచ్చు.

దొరికినదంతా రాయదగినది కాదు. గూగుల్ రివ్యూల్లో ‘పార్సెల్ తెరిస్తే నూనె అంతా కారిపోయింది’ అని ఒక కస్టమర్ తిట్టి ఉండవచ్చు. ఆ సంస్థకు రాయడం దండగ కాదని తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. దానితోనే ఉత్తరం మొదలుపెడితే యజమానికి నలుగురిలో తప్పు ఎత్తిచూపినట్టు ఉంటుంది. యజమాని సొంత ఖాతాలోని పెళ్లి ఫొటోలు, పిల్లల పుట్టినరోజులు అందరికీ కనబడుతున్నా ముట్టుకోకూడనివే. వాటిని ప్రస్తావించే అపరిచితుడిని చూస్తే భయం వేస్తుంది.

వాక్యం నిలబడుతుందో లేదో తెలుసుకోవడానికి రెండు పనులు చేయవచ్చు. సంస్థ పేరు తీసి మరో పచ్చళ్ల సంస్థ పేరు పెట్టి చదివితే, అప్పుడూ నిజమే అనిపిస్తే అది సొంత వాక్యం కాదు. ఆ వాక్యాన్ని పూర్తిగా కొట్టేసి మిగతా ఉత్తరం చదివితే, ఏమీ తగ్గలేదనిపిస్తే సరుకుతో దానికి సంబంధం లేదు.

ఒక్కో సంస్థకు పది నిమిషాలు చాలు. అప్పటికీ ఏమీ దొరక్కపోతే బలవంతంగా ఏదో ఒకటి పట్టుకోవడం కన్నా నేరుగా పనిలోకి దిగడం మర్యాద: ‘విదేశాలకు పచ్చళ్లు పంపే సంస్థలకు సీసాల సీలింగ్ యంత్రాలు అమ్ముతాం.’ ఐదు వందల సంస్థలకు రాయాల్సి వచ్చినప్పుడు పదేసి నిమిషాల లెక్కన ఎనభై గంటలు దాటుతుంది. అప్పుడు అందరికీ ఇలాంటి సూటి వాక్యమే పంపి, పెద్ద ఆర్డరు రాగల ఇరవై ముప్పై పేర్లకే వెతుకులాట ఉంచుకోవడం నయం.

దొరికిన సంగతితో పాటు అది ఉన్న పేజీ చిరునామా, చూసిన తేదీ ఎక్సెల్‌లో పక్కపక్కనే రాసుకోవాలి. ఉత్తరం వారం తర్వాత పంపేటట్టయితే, పంపే ఉదయం ఆ పేజీని మళ్లీ తెరవాలి. ఈలోగా ఆ సంస్థ సీసాలు పంపడం మొదలుపెట్టి ఉంటే, వాక్యంతో పాటు ఆ పేరును కూడా జాబితాలోంచి తీసేయాల్సి రావచ్చు.