ఇంకోటి కావాలా, వేరేది కావాలా?

హోటల్లో తెచ్చిన దోశ మాడిపోయింది. "ఇంకో దోశ తెండి" అంటే సర్వరు మాడినదాన్ని అక్కడే ఉంచి రెండోది తెచ్చే అవకాశం ఉంది. బిల్లులో రెండు దోశలు పడతాయి. "వేరే దోశ తెండి" అంటే ప్లేటు తీసుకెళ్ళి, దాని బదులు మరొకటి తెస్తాడు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ 'అనదర్' అనే ఒక్క మాటే వాడతారు. అదనంగానా, బదులుగానా అన్నది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. తెలుగు ఆ తేడాను మాటలోనే చూపిస్తుంది.

ఈ తేడా మాటల పుట్టుకలోనే ఉంది. ఇంక, ఒక కలిస్తే ఇంకొక. మరి, ఒక కలిస్తే మరొక. రెండూ ఉన్నదానికి చేర్చేవే. వేరు, ఒక కలిస్తే వేరొక. ఇది ఉన్నదాని నుంచి విడదీసేది. అందుకే "ఇంకో రంగు చూపించండి" అంటే ఇప్పటికే చూసిన రంగులు కూడా లెక్కలో ఉన్నాయని చీరల కొట్టతనికి అర్థమవుతుంది. "వేరే రంగు చూపించండి" అంటే ముందున్నవి మడిచి పక్కన పెడతాడు. ఇది గోడ కట్టినట్టున్న నియమం కాదు. "ఈ నోటు చిరిగింది, ఇంకోటి ఇవ్వండి" అని కూడా అంటాం. చిరిగిందని ముందే చెప్పాం కాబట్టి అక్కడ పొరపాటు పడరు. ఆ ముందుమాట లేనప్పుడు మాత్రం 'వేరే' అనడమే క్షేమం.

ఇంకోలో 'ఒక' ఉన్నా అది ఒక్కదానికే పరిమితం కాదు. "ఇంకో పది నిమిషాలు ఆగు", "మరో ఇద్దరు వస్తున్నారు" అని హాయిగా అంటాం. పది నిమిషాలనూ ఒకే మొత్తంగా తీసుకుంటున్నాం కదా. వింతేమిటంటే 'అనదర్'లోనూ 'ఒక' అన్న అర్థం దాగి ఉంది, అదీ పది నిమిషాల ముందు ఇలాగే ఒదుగుతుంది.

రెండు వస్తువుల్ని పోల్చేటప్పుడు మాత్రం తెలుగువాళ్ళు కాస్త ఆగి ఆలోచించాలి. "ఒక అన్నయ్య గుంటూరులో ఉంటాడు. ఇంకో అన్నయ్య వరంగల్‌లో ఉంటాడు." ఈ వాక్యాలు విన్నవారికి అన్నయ్యలు ఇద్దరేనా, ముగ్గురా అన్నది తెలియదు. ఇంగ్లీషువాళ్ళు 'ది అదర్' అనగానే లెక్క మూసుకుపోతుంది, ఇక మూడోవాడు లేడు. మనకు ఆ 'ది' లేదు. 'రెండో అన్నయ్య' అందామంటే మరో చిక్కు. ముగ్గురున్న ఇంట్లో రెండో అన్నయ్య అంటే మధ్యవాడు. మరి తెలుగు ఏం చేస్తుంది? లెక్కను ముందే చెప్పేస్తుంది. "మా ఇద్దరు అన్నయ్యల్లో ఒకరు గుంటూరులో ఉంటారు, ఇంకొకరు వరంగల్‌లో ఉంటారు." ఇద్దరు అన్న మాటతో తలుపు మూసేశాం, ఆ తర్వాత 'ఇంకొకరు' అన్నా సందేహం రాదు. కళ్ళు, చేతులు, చెప్పులు లాంటి జతలకు ఈ జాగ్రత్త అక్కర్లేదు. "ఒక చెప్పు దొరికింది, రెండోది ఏదీ?" అంటే ఎవరికైనా తెలుస్తుంది.

పిల్లల ఇంగ్లీషులో తరచూ కనిపించే తప్పు సరిగ్గా ఇక్కడ పుడుతుంది. "ఇంకో కన్ను ఎర్రబడింది" అన్న తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుని 'అనదర్ ఐ' అని రాస్తారు. కన్నులు రెండే కనుక అక్కడ 'ది అదర్ ఐ' అనాలి. నియమం బట్టీ పట్టించడం కన్నా "ఇవి మొత్తం ఎన్ని? ఇది ఆఖరిదా?" అని అడగడం మేలు. ఆఖరిదైతే 'ది అదర్', కాకపోతే 'అనదర్'.

ఎక్కువమంది ఉన్నప్పుడు ఆ తలుపు మూసే పని 'మిగతా' చేస్తుంది. ఐదుగురు పిల్లలున్నారు. "ఇద్దరు నడిచి వచ్చారు. మిగతావాళ్ళు బస్సులో వచ్చారు." బస్సులో వచ్చింది కచ్చితంగా ముగ్గురు. అదే "ఇద్దరు నడిచి వచ్చారు. మరో ఇద్దరు బస్సులో వచ్చారు" అంటే ఒకరి సంగతి ఇంకా తేలలేదు. ఇక "వేరేవాళ్ళు బస్సులో వచ్చారు" అంటే ఆ ఐదుగురితో సంబంధం లేని మనుషులెవరో దిగారన్నమాట. 'ఇతరులు' కూడా చాలాసార్లు ఇలాగే బయటివాళ్ళను సూచిస్తుంది. "ఇతరులకు ప్రవేశం లేదు" అన్న బోర్డు చెప్పేది అదే.

అనువాదాల్లో 'ది అదర్స్' వచ్చిన ప్రతిచోటా 'ఇతరులు' అని దించేయడం నాకు అందుకే నచ్చదు. "ముగ్గురు ఆటగాళ్ళు గాయపడ్డారు, ఇతరులు ఆట కొనసాగించారు" అని చదివితే జట్టులో లేనివాళ్ళు మైదానంలోకి వచ్చారేమో అనిపిస్తుంది. "మిగతావాళ్ళు" అన్నా, "తక్కినవాళ్ళు" అన్నా ఆ ఎనిమిదిమందీ కళ్ళ ముందు నిలబడతారు.