ముల్లు వచ్చిన చోటే పువ్వు

ఇల్లు కట్టిన కొత్తలో గేటు పక్కన నాటిన కాగితం పూల మొక్క ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి డాబా ఎక్కేస్తుంది. కొమ్మలు వీధిలోకి వాలి వచ్చేపోయేవాళ్ల బట్టలు పట్టుకు లాగుతుంటాయి. పూలేమో ఎక్కడో పైన, కరెంటు తీగల దగ్గర నాలుగు గుత్తులు. కింద నిలబడితే కనిపించేవి బోసి మాన్లూ, ముళ్లూ. అదే మొక్క జాతీయ రహదారి డివైడర్ మీద, చాలీచాలని నీళ్లతో, ఎండాకాలంలో ఆకు కనపడకుండా పూస్తుంది. ఇంటి దగ్గర దానికి ఏం తక్కువైందని అడుగుతారు చాలామంది. తక్కువేమీ కాలేదు, ఎక్కువైంది.

ఆ సంగతి మొక్కే చెబుతుంది. ఏపుగా సాగిన ఒక కొమ్మను దగ్గరగా చూడండి. ఆకు కాడ కొమ్మను కలిసే సందులో, కణుపు కణుపుకూ ఒక ముల్లు ఉంటుంది. ఇప్పుడు పూసిన రెమ్మ ఒకటి తుంచి చూడండి. ముల్లు ఉండాల్సిన ఆ సందులోనే పూగుత్తి ఉంటుంది. రెండిటి పుట్టుకా ఒకటే. కొమ్మ జోరుగా పొడవు సాగుతున్నంతకాలం, సాగుదలను నడిపే జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఎక్కువగా ఉండి, ఆ మొలక ముల్లుగా గట్టిపడుతుంది. జోరు తగ్గాక అదే చోట పువ్వు వస్తుంది. మనం పువ్వులనుకునే రంగు రేకులు కూడా నిజానికి రంగు మారిన ఆకులే. మూడు రేకుల నడుమ సన్నని గొట్టాల్లా ఉండే తెల్లటివి అసలు పూలు.

కాబట్టి కత్తిరింపులో ఉన్న కిటుకంతా ఇదే: మొక్కను ఒకసారి పరుగెత్తనిచ్చి, తర్వాత ఆపాలి. పువ్వు కొత్త రెమ్మ మీదే వస్తుంది గనక పరుగు కావాలి. పరుగు ఆగితే తప్ప పువ్వు రాదు గనక ఆపడమూ కావాలి. ఒక్క కోతతో ఈ రెండూ జరగవు. చాలామంది నరికినప్పుడు జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. జూన్‌లో బాగా కొట్టేస్తారు, ఆగస్టుకల్లా మనిషెత్తు బెత్తాలు పెద్ద పెద్ద ముళ్లతో లేస్తాయి, నరికితే మొక్క చెడిపోయిందని వదిలేస్తారు. ఆ బెత్తాలే మనకు కావలసినవి. వాటిని అలాగే వదిలేయడమే తప్పు.

మన దగ్గర పెద్ద కోతకు సరైన అదను జూన్ నెల. ఎండాకాలపు పూత అప్పటికి అయిపోతుంది, తొలకరి పడి ఎండ తగ్గుతుంది. మేలో కొడితే ఆకుల నీడ పోయిన మాను బెరడు ఎండకు మాడుతుంది. పట్టువదలని ముసురులో కొడితే గాయాలు ఆరక బూజు పడుతుంది. రెండు మూడు రోజులు తెరిపి ఉన్నప్పుడు చూసుకుని పని పెట్టుకోవాలి. తీగలకు తగిలే కొమ్మలుంటే విద్యుత్ సిబ్బందికి చెప్పి కరెంటు ఆపించకుండా చెయ్యి పెట్టకూడదు.

గోడకు ఆనుకుని పెరిగిన పాత మొక్కనే తీసుకుందాం. మొదట్లో అయిదారు లావు మాన్లున్నాయి, తల పన్నెండు అడుగుల ఎత్తున ఉంది. ముందు ఎండు కొమ్మలు తీసేయాలి. అనుమానం వస్తే గోటితో బెరడు గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగులో ఉంటే పోయినట్టు. తర్వాత ఒకదానికొకటి ఒరుసుకుంటున్నవీ, లోపలికి తిరిగినవీ. ఇక మిగిలిన మాన్లను గోడ ఎత్తుకు కాస్త కిందుగా, మూడు నాలుగు అడుగుల దగ్గర కోయాలి. మొదలే బోసిగా ఉంటే ఒక మానును అడుగున్నర దాకా దించాలి, అప్పుడే కిందనుంచి చిగురు లేస్తుంది. నేలలో వేళ్లూనిన మొక్క ఇంత కోతను తట్టుకుంటుంది. కుండీలో ఉన్నదాన్నీ, నీరసించినదాన్నీ మాత్రం ఒకే ఏడు ఇలా కొట్టకూడదు. మాన్లలో మూడోవంతు చొప్పున మూడేళ్లలో మార్చుకోవాలి.

కోత ఎక్కడ పడాలన్నది ముఖ్యం. కణుపుకు అర సెంటీమీటరు పైన, గోడకు దూరంగా బయటికి చూస్తున్న కణుపును ఎంచుకుని, నీరు జారేలా కొద్దిగా ఏటవాలుగా కోయాలి. కణుపుల నడుమ కోస్తే పైన మిగిలిన మోడు ఎండుతూ కిందికి దిగి మంచి కణుపును కూడా చంపుతుంది. కొమ్మ మొత్తం తీసేయాలంటే మానును కలిసేచోట ఉండే ఉబ్బును వదిలి, దాని అంచున కోయాలి. బొటనవేలికన్నా లావు ఉంటే కత్తెరతో నలపకుండా రంపం వాడండి. ముందు అడుగువైపు కాస్త కోసి, ఆ తర్వాత పైనుంచి కోస్తే బరువుకు బెరడు చీలదు. లావు గాయాలకు మామిడి, నిమ్మ రైతులు వాడే బోర్డో పేస్టు పూస్తే చాలు. ముళ్లు గుచ్చుకుంటే వాచి సలుపుతుంది, తోలు తొడుగులు లేకుండా దిగవద్దు.

వానలకు కొత్త బెత్తాలు లేస్తాయి. అవి రెండడుగులు దాటగానే కొసలు తుంచేయాలి. ఒక్కో బెత్తం రెండు మూడు పక్క రెమ్మలుగా విడిపోతుంది, పూసే చోట్లు అన్ని రెట్లు పెరుగుతాయి. అంటుకట్టిన మొక్కయితే అంటు కిందనుంచి వచ్చే చిగుళ్లను మాత్రం మొదలంటా తీసేయాలి, లేకపోతే కొన్న రంగును అవి మింగేస్తాయి. సెప్టెంబరు చివర్లో రెమ్మల కొసలు మరోసారి, నాలుగైదు అంగుళాలు తగ్గించండి. కోస్తాలో, ముఖ్యంగా నెల్లూరు వైపు, ఈశాన్య రుతుపవనాల వానలు నవంబరు దాకా పడతాయి గనక అక్కడ ఈ ఆఖరి కత్తిరింపును నవంబరుకు జరపడం నయం. ఆ తర్వాత కత్తెర పక్కన పెట్టాలి. మొగ్గ రెమ్మ కొసవైపునే వస్తుంది, నెలనెలా కంచెలా సాపు చేసే మొక్క ఏళ్ల తరబడి పూయకపోవడానికి కారణం అదే.

ఇక ఆపడం నీళ్లతో జరుగుతుంది. వానలు వెనకబడ్డాక రోజూ తడపడం మానండి. లేత ఆకులు కొంచెం వాలితే అప్పుడు నిండా నీళ్లు పోసి, మళ్లీ వాలేదాకా ఆగండి. యూరియా వద్దు, పేడ ఎరువు కూడా ఈ రోజుల్లో వద్దు, అవి ఆకుకే పోతాయి. ఇంత చేసినా పూయకపోతే మొదలు దగ్గర నేల తాకి చూడండి. స్నానాల గది నీళ్లో, నీటి శుద్ధి యంత్రం వదిలే నీళ్లో మొక్క కిందికి పోతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ గొట్టం దారి మళ్లించకుండా ఎన్ని కోతలు కోసినా వచ్చేది ముల్లే. రోజుకు అయిదారు గంటల నేరు ఎండ తగలని చోట కూడా ఇంతే, అక్కడ కత్తిరింపు అక్కరకు రాదు.

అన్నీ కుదిరితే ఆఖరి కత్తిరింపు జరిగిన రెండు నెలల్లో పూత మొదలవుతుంది. ఒక విడత రాలాక పూసిన రెమ్మలను నాలుగు అంగుళాలు తుంచితే మరో విడత వస్తుంది, అలా మే దాకా సాగుతుంది. మహారా వంటి ముద్ద రకాల్లో ఎండిన రేకులు తమంత తాము రాలవు. వాటిని గుత్తి కింది మొదటి కణుపు దాకా చేత్తో తీసేయాల్సిందే.