పొరపాటున ఎక్కువ పడిన జీతం: వెనక్కి ఎలా అడగాలి?

ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేసే కార్మికుడు మే నెలాఖరు వరకూ నైట్ షిఫ్టు చేశాడు అనుకుందాం. జూన్ నుంచి డే షిఫ్టుకి మారాడు. షిఫ్టు రిజిస్టర్‌లో మార్పు రాశారు కానీ జీతాల షీటులో రాయలేదు. దాంతో నెలకు 1,500 రూపాయల నైట్ అలవెన్సు సెప్టెంబరు దాకా పడుతూనే ఉంది. అక్టోబరులో లెక్కలు సరిచూస్తుంటే సంగతి బయటపడింది. నాలుగు నెలలకు 6,000 రూపాయలు ఎక్కువ వెళ్లాయి.

ఈ డబ్బు తిరిగి తీసుకునే హక్కు యజమానికి ఉంది. పొరపాటున ఎక్కువ ఇచ్చిన జీతాన్ని తర్వాతి జీతంలో సర్దుబాటు చేసుకోవచ్చని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. అయితే అన్ని కోతలూ కలిపి ఆ నెల వేతనంలో సగం దాటకూడదు. ఈ సగంలోనే పీఎఫ్, వృత్తి పన్ను, పండగ అడ్వాన్సు కోత కూడా వస్తాయి.

మన కార్మికుడి నెల వేతనం 24,000. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200, పండగ అడ్వాన్సు వాయిదా 1,000 పోగా చేతికి 21,000 వస్తోంది. చట్టం ప్రకారం కోతలు 12,000 దాకా వెళ్లవచ్చు. అంటే ఎక్కువ పడిన 6,000 మొత్తం ఒకే నెలలో కోసేసినా చట్టం అడ్డు చెప్పదు. కానీ ఆ నెల ఇంటికి 15,000 మాత్రమే వెళ్తుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, పాల బిల్లు మాత్రం తగ్గవు. తప్పు ఆఫీసుది, అప్పు చేయాల్సి వచ్చేది కార్మికుడు. చట్టం పరిమితి మాత్రమే గీస్తుంది. ఆ లోపల న్యాయం ఎంతో యజమాని ఆలోచించుకోవాలి.

అందుకే కోత కంటే ముందు కాగితం వెళ్లాలి. దాన్ని ఇలా రాయవచ్చు:

“గారికి నమస్కారం. జూన్ నుంచి మీరు డే షిఫ్టులో ఉన్నా, మా లెక్కల్లో మార్చకపోవడం వల్ల సెప్టెంబరు వరకూ నెలకు 1,500 చొప్పున మొత్తం 6,000 రూపాయలు మీకు ఎక్కువ పడ్డాయి. ఈ పొరపాటు మాది. మీ తప్పు ఏమీ లేదు. నాలుగు నెలల పే స్లిప్పులు, షిఫ్టు రిజిస్టర్ నకలు జతచేశాం. ఒకసారి సరిచూసుకోండి. నవంబరు జీతం నుంచి మార్చి జీతం వరకూ నెలకు 1,200 చొప్పున ఐదు వాయిదాల్లో సర్దుబాటు చేద్దామని మా ప్రతిపాదన. వడ్డీ ఉండదు. ఇది మీకు భారమైతే ఇంకా చిన్న వాయిదాలు చేద్దాం. మా లెక్కలో తేడా కనిపిస్తే పది రోజుల్లో చెప్పండి. మీరు సంతకం చేసి ఇచ్చేవరకూ ఏమీ కోయం. మధ్యలో ఉద్యోగం మానితే మిగిలిన మొత్తాన్ని చివరి సెటిల్మెంటులో మీతో మాట్లాడి సర్దుతాం.”

ఈ ఉత్తరంలో “మీకు తెలిసే ఉంటుంది కదా” అన్న మాట లేదు. ఓవర్‌టైమ్ ఉన్నచోట జీతం నెలనెలా మారుతుంది. బ్యాంకు మెసేజ్‌లో కనిపించేది మొత్తం ఒక్కటే. అందులో ఏ అలవెన్సు ఉందో, ఏది పోయిందో కార్మికుడికి తెలిసే వీలు తక్కువ. ఆ అనుమానం ఒక్క మాటలో ధ్వనించినా, సర్దుబాటు కాస్తా తగాదా అవుతుంది.

మార్చిలో ముగించడానికీ కారణముంది. అదే ఆర్థిక సంవత్సరంలో లెక్క తేలితే, ఆదాయపు పన్ను కట్టే ఉద్యోగులకు టీడీఎస్ లెక్కలు అక్కడికక్కడే సరిపోతాయి. సంవత్సరం మారితే, చేతిలో లేని డబ్బు మీద కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకునే తిప్పలు ఉద్యోగి మీద పడతాయి.

తర్వాత పే స్లిప్పులో ఈ కోతను “ఇతర కోతలు” కింద కలిపేయకూడదు. “అధిక చెల్లింపు సర్దుబాటు, 5లో 1వ వాయిదా” అని విడిగా చూపించాలి. ఆరో నెలలో కూడా కోత పడితే అప్పుడు వెంటనే పట్టుకోవచ్చు.

ఆలస్యమయ్యేకొద్దీ అడిగే నైతిక బలం తగ్గుతుంది. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో సుప్రీంకోర్టు 2014లో పంజాబ్ ప్రభుత్వం, రఫీక్ మసీహ్ కేసులో ఈ మాటే స్పష్టం చేసింది. గ్రూప్ సి, డి ఉద్యోగుల నుంచి, రిటైరైనవారి నుంచి, ఏడాదిలో రిటైర్ కాబోయేవారి నుంచి ఇలా వసూలు చేయకూడదంది. రికవరీ ఆర్డరుకు ముందు ఐదేళ్లకు మించి ఎక్కువ చెల్లింపు సాగిన సందర్భంలోనూ కుదరదంది. ప్రైవేటు యజమానులూ ఇందులోని న్యాయాన్ని గమనించాలి. ఎప్పుడో జరిగిన తప్పును తవ్వి, ఖర్చైపోయిన డబ్బు అడగడం కంటే కొంత వదులుకోవడమే మంచిది.

కార్మికులకు ఒక మాట. ఇలాంటి ఉత్తరం వస్తే కంగారుపడి వెంటనే సంతకం చేయకండి. నెలలు, మొత్తం, వాయిదా సరిచూసుకోండి. నెలకు ఎంత కోస్తే ఇల్లు గడుస్తుందో మీరే చెప్పండి. యజమానులకూ ఒక మాట. ముందు లెక్క చూపించండి, తర్వాత సమ్మతి అడగండి, ఆ తర్వాతే కోత మొదలుపెట్టండి.