46 డాలర్లకి అమ్మినా నష్టమే: కొట్లో స్టాకు విలువ కట్టడం ఎలా?

ఆక్లండ్‌లో నాకు తెలిసిన ఇద్దరు మిత్రులు ఐదేళ్ళుగా పార్ట్‌నర్‌షిప్‌లో ఇండియన్ గ్రోసరీ నడుపుతున్నారు. ఈ మధ్య ఒకరు ఆస్ట్రేలియా వెళ్ళిపోదామనుకున్నారు. 2025 మార్చి 31 నాటి లెక్కల ప్రకారం కొట్టు విలువ తేల్చి, సగం వాటా రెండోవారు చెల్లించాలని ఒప్పందం. అప్పులూ బ్యాంకు బ్యాలెన్సూ గంటలో తేలిపోయాయి. స్టాకు దగ్గరే పేచీ వచ్చింది. అకౌంటింగ్ నా వృత్తి కాబట్టి మే నెల మధ్యలో ఒక ఆదివారం నన్ను పిలిచారు.

సూత్రం వినడానికి సులువే. ఏడాది చివర్లో మిగిలిన సరుకుని కొన్న ఖరీదు దగ్గరో, అమ్మితే నికరంగా చేతికొచ్చే మొత్తం దగ్గరో, ఏది తక్కువైతే దాని దగ్గర పుస్తకాల్లో చూపించాలి. ఈ రెండోదాన్నే నెట్ రియలైజబుల్ వాల్యూ అంటారు. న్యూజిలాండ్‌లో పెద్ద కంపెనీలు పాటించే ఎన్‌జెడ్ ఐఏఎస్ 2 ప్రమాణంలో ఉన్నది ఇదే. మా వాళ్ళలాంటి చిన్న కొట్టుకి ఆ ప్రమాణం తప్పనిసరి కాదు గానీ, వాటా పంచుకోవడానికి ఇంతకన్నా న్యాయమైన కొలత నాకు తెలియదు.

ముందు బియ్యం చూశాం. భారత ప్రభుత్వం 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ రోజుల్లో సోనా మసూరి బస్తా కోసం మనవాళ్ళు పడ్డ అవస్థ అందరికీ గుర్తే. 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేశారు. దానికి కొద్దిగా ముందే మా వాళ్ళు, మళ్ళీ దొరకదేమోనన్న భయంతో, పెద్ద ధర పెట్టి 20 కిలోల బస్తాలు భారీగా కొన్నారు. ఆ తర్వాత కొత్త సరుకు చవగ్గా దిగింది. మార్చి 31న వాళ్ళ దగ్గర 400 బస్తాలు మిగిలాయి.

ఒక్కో బస్తా ఖరీదు 43 డాలర్లు. సప్లయర్ ధర, ఓడ కిరాయి, క్లియరెన్సు, కొట్టుదాకా లారీ ఖర్చు అన్నీ అందులో ఉన్నాయి. దిగుమతి మీద కట్టిన జీఎస్టీ మాత్రం లేదు, ఎందుకంటే అది తిరిగి వచ్చేస్తుంది. షెల్ఫ్ మీద ధర 46. వెళ్ళిపోయే మిత్రుడు వెంటనే అన్నారు: "43కి కొన్నాం, 46కి అమ్ముతున్నాం. బస్తాకి మూడు డాలర్లు లాభం కదా అన్నా, ఇందులో తగ్గించేదేముంది?"

మన కొట్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. 46లో 15 శాతం జీఎస్టీ కలిసి ఉంది. అది మనది కాదు, ఇన్‌లాండ్ రెవెన్యూది. 46ని 1.15తో భాగిస్తే 40 వస్తుంది. కొన్న ధర జీఎస్టీ లేకుండా చూసి, అమ్మే ధర జీఎస్టీతో చూస్తే లేని లాభం కనిపిస్తుంది. పైగా ఈ బస్తాలని ఇంటికి చేరవేస్తేనే కొంటున్నారు. ఆ డెలివరీకి సగటున బస్తాకి 2 డాలర్లు పడుతోంది. అమ్మడానికి తప్పనిసరి ఖర్చు కాబట్టి అదీ తీసేయాలి. చివరికి చేతికొచ్చేది 38. ఖరీదు 43 కాబట్టి బస్తాకి 5 చొప్పున 400 బస్తాలకి 2,000 డాలర్లు తగ్గించాలి.

తర్వాత రాగిపిండి. బెస్ట్ బిఫోర్ తేదీ మే 10. మార్చి 31న 200 ప్యాకెట్లున్నాయి, ఒక్కోటి 2.20 ఖరీదు, మొత్తం 440. అప్పటికే క్లియరెన్స్ బుట్టలో 1.15కి పెట్టారు, అంటే జీఎస్టీ పోను సరిగ్గా ఒక డాలరు. ఇక్కడ బెస్ట్ బిఫోర్ దాటినా తినడానికి బాగుంటే అమ్మవచ్చు, యూజ్ బై దాటితే మాత్రం అమ్మకూడదు. కానీ మే వచ్చేసరికి 80 ప్యాకెట్లకి పురుగు పట్టి పారేశారు. 120 అమ్ముడుపోయాయి. అంటే 440 డాలర్ల సరుకు మీద వచ్చింది 120. తగ్గింపు 320.

"పురుగు పట్టింది మే నెలలో కదా, మార్చి లెక్కలోకి ఎలా వస్తుంది?" అని ఆయనే మళ్ళీ అడిగారు. మంచి ప్రశ్న. మార్చి 31నే ఆ సరుకు పాతబడి, కదలక, బుట్టలో పడి ఉంది. ఏప్రిల్, మే అమ్మకాలు అప్పటికే ఉన్న పరిస్థితికి సాక్ష్యం మాత్రమే. అదే ఏప్రిల్ 20న పక్క వీధిలో కొత్త కొట్టు తెరిచినందువల్ల ధర పడిపోయి ఉంటే, అది మార్చి తర్వాత పుట్టిన కారణం. దాన్ని వచ్చే ఏడాది లెక్కలోనే వేయాలి.

ఆయన ఇంకో వాదన తెచ్చారు. ఆవకాయ సీసాలు 300 ఉన్నాయి, ఖరీదు 3 డాలర్లు. 6.90కి, అంటే జీఎస్టీ పోను 6 డాలర్లకి ఆగకుండా పోతున్నాయి. "అక్కడ 900 లాభం కనబడుతోంది కదా, బియ్యం నష్టంలోంచి అది తీసేయండి" అన్నారు. కుదరదు. ఆ సీసాలు ఇంకా అమ్ముడుపోలేదు, లాభం ఇంకా పుట్టలేదు. ఏ సరుకుకా సరుకే విడిగా చూడాలి. అన్నీ ఒకే కుప్పగా పోస్తే ఆవకాయ వెనక బియ్యం దాక్కుంటుంది. కాబట్టి సీసాలు 900 దగ్గరే ఉంటాయి, పైకీ వెళ్ళవు, కిందికీ రావు.

మొత్తం తగ్గింపు 2,320. పుస్తకాల్లో రాయడం ఒక్క పద్దు: అమ్మిన సరుకు ఖర్చు 2,320 డెబిట్, స్టాకు 2,320 క్రెడిట్. లాభం అంత తగ్గుతుంది, వాటా 1,160 తగ్గుతుంది. ఇది రాయకపోతే వెళ్ళిపోయేవారు ఆ డబ్బు తీసుకుని వెళ్ళేవారు. ఉండిపోయేవారు ఆ బియ్యం అమ్మేటప్పుడు నష్టమంతా ఒంటరిగా మోసేవారు.

ఇది చిన్న కొట్లకే వచ్చే తలనొప్పి కాదు. కోవిడ్‌లో చైనాకి పాలపొడి మోసుకెళ్ళే చిన్న వ్యాపారులు ఆగిపోయినప్పుడు, ఎ2 మిల్క్ కంపెనీ దగ్గర పసిపిల్లల పాలపొడి పేరుకుపోయింది. డబ్బాల మీద తేదీలు దగ్గరపడ్డాయి. 2021 జూన్‌తో ముగిసిన ఏడాదిలో ఆ కంపెనీ స్టాకు విలువని 10 కోట్ల న్యూజిలాండ్ డాలర్లకు పైగా తగ్గించింది. మా రాగిపిండి బుట్ట కథే అది.

పన్ను సంగతి కొంచెం వేరు. ఇక్కడి ఆదాయ పన్ను చట్టంలో కూడా మార్కెట్ అమ్మకపు విలువ ఖరీదు కన్నా తక్కువైతే దాన్ని వాడుకోవచ్చు, కానీ రుజువు చూపించాలి. "పాత స్టాకు కదా" అని మొత్తం మీద పది శాతం కొట్టేస్తే ఒప్పుకోరు. అందుకే స్టాకు షీటు, క్లియరెన్స్ బుట్ట ఫోటో, ఏప్రిల్ బిల్లులు ఒక ఫైల్లో పెట్టించాను. ఏడాది టర్నోవర్ 13 లక్షల డాలర్లు దాటకుండా, మిగిలిన స్టాకు 10,000 లోపే ఉంటుందని సహేతుకంగా అంచనా వేయగలిగితే, పన్ను కోసం ఏడాది మొదట్లో చూపిన విలువనే చివర్లోనూ చూపవచ్చు. మా వాళ్ళకి బియ్యం ఒక్కటే ఆ గీత దాటేసింది.

మళ్ళీ బియ్యం ధర పెరిగితే? అమ్మకుండా ఉన్న బస్తాల విలువ తిరిగి పెంచవచ్చు, కానీ 43 దాకానే. 50కి అమ్ముడుపోయేలా ఉన్నా అంతకు మించి రాయకూడదు.

ఇద్దరూ సంతకాలు పెట్టారు. జూన్‌లో చివరి బస్తా 46కే పోయింది. డెలివరీ తీసేస్తే పుస్తకాల్లో లాభం లేదు, నష్టమూ లేదు.