విప్పిన టేబుల్‌కు చోటుందా?

రెండు పడక గదుల ఫ్లాట్లలో విడిగా భోజనాల గది ఉండటం తక్కువ. సోఫా, టీవీ, భోజనం అన్నీ హాల్లోనే. రోజూ తినేది నలుగురే అయినా, పండక్కి అక్కాబావలు పిల్లాడితో వస్తే ఏడుగురవుతారు. ఇలాంటి ఇంటికి సాగే డైనింగ్ టేబుల్ బాగా పనికొస్తుంది. అయితే షాపులో అది ముడిచి ఉంటుంది. మనం కొలవాల్సింది దాన్ని పూర్తిగా లాగి, చుట్టూ మనుషులు కూర్చున్నాక ఎంత చోటు పడుతుందన్నది.

పొడవు 18, వెడల్పు 11 అడుగులున్న హాలు తీసుకుందాం. వంటింటి వైపు 7 అడుగులు భోజనాలకు వదిలి, అక్కడ సోఫా వీపు వచ్చేలా వేయాలి. మిగతా 11 అడుగులు సోఫాకి, టీవీకి. టేబుల్ 3 అడుగుల వెడల్పుది. ముడిస్తే 4 అడుగుల పొడవు, లాగితే 6. దాని పొట్టి అంచును పక్క గోడకు ఆనించాలి. కూర్చున్న మనిషికి, కుర్చీ జరుపుకోవడానికి 2 అడుగులు కావాలి. రెండు పక్కలా 2, మధ్యలో టేబుల్ 3, మొత్తం 7 అడుగులు సరిగ్గా సరిపోయాయి.

మనిషికి 2 అడుగుల అంచు చొప్పున ముడిచిన టేబుల్‌కు పక్కకు ఇద్దరు కూర్చుంటారు. లాగితే పక్కకు ముగ్గురు, గోడకు ఎదురుగా చివర ఒకరు, అంటే ఏడుగురు. చివరి కుర్చీ పోగా నడవడానికి 3 అడుగుల దారి మిగులుతుంది. పక్కన కూర్చున్నవాళ్ల వెనక నుంచి వెళ్లడం మాత్రం కుదరదు. వడ్డన ఆ చివర నుంచే చేయాలి. కొనే ముందు నేలమీద పాత పేపర్లు 6 అడుగుల మేర పరిచి, కుర్చీలు వేసుకుని కూర్చుని చూడండి.

షాపులో టేబుల్‌ను మీరే లాగి చూడాలి. అతుకు దగ్గర అరచేత్తో గట్టిగా నొక్కితే పలక కుంగకూడదు. కాళ్లు చివరలతో పాటు జరిగే రకమే నాకు నచ్చుతుంది. కాళ్లు అక్కడే ఉండిపోయి పైపలక మాత్రమే సాగితే, అవి సరిగ్గా కూర్చునేవాళ్ల మోకాళ్ల మధ్యకొస్తాయి. పులుసు ఒలికితే అతుకులోంచి లోపలి చెక్కలోకి దిగుతుంది. లోపల పార్టికల్ బోర్డు ఉంటే ఉబ్బిపోతుంది, మళ్లీ మామూలవదు. అందుకే అంచులన్నీ మూసి ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడాలి.

లైటు విషయం చాలామందికి తట్టదు. ముడిచినప్పుడు టేబుల్ నడిమధ్య గోడకు 2 అడుగుల్లో ఉంటుంది, లాగాక 3 అడుగుల్లో. వేలాడే లైటును రెండున్నర దగ్గర, టేబుల్‌కు రెండున్నర అడుగుల ఎత్తులో పెడితే రెండింటికీ సరిపోతుంది.

మీ హాలు వెడల్పు 10 అడుగులే అయితే ఆ చివరి కుర్చీ వేయకండి. ఆరుగురిని కూర్చోబెట్టి, 4 అడుగుల దారి ఉంచుకోండి.